మాటలు లేని సంగీతంతో సృజన – మూడవ పాఠం: ఆలాపన, తానం

గత పాఠంలో రాస్తూ, బొమ్మలు వేస్తూ వినే సంగీతం ఎంత చిన్నగా వినిపించాలో చూశాం. ఈసారి వాద్య కచేరీలో ఏ భాగాన్ని ఎంచుకోవాలో నేర్చుకుందాం.

గాత్రం లేనంత మాత్రాన ఆ సంగీతంలో మాటలు లేవని చెప్పలేం. త్యాగరాజస్వామి పంచరత్న కృతి ‘ఎందరో మహానుభావులు’ వయొలిన్‌పై వినిపిస్తే, దానిని చిన్ననాటి నుంచి విన్నవారి మనసు సాహిత్యాన్ని తనంతట తానే అందుకుంటుంది. అదే సమయంలో కథలో సంభాషణ రాస్తుంటే కలం ఆగిపోతుంది. పెదవులు కదలడం, ఇప్పుడే రాసిన వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకోవలసి రావడం దీనికి గుర్తులు. బొమ్మలు వేసేవారికి ఈ ఇబ్బంది తక్కువే. వాద్యాలపై వాయించిన సినిమా పాటలతో మాత్రం ఇద్దరికీ చిక్కే.

కాబట్టి రాసేవారు కృతిని వదిలి, దాని ముందు వచ్చే రాగాలాపనను తీసుకోవాలి. ఆలాపనలో సాహిత్యం ఉండదు, తాళమూ ఉండదు. కళాకారుడు రాగాన్ని నెమ్మదిగా విస్తరిస్తూ పోతాడు గనుక, తరువాత వచ్చే స్వరం కోసం చెవి ఆసక్తిగా ఉంటుందే తప్ప తెలిసిన చరణం కోసం ఎదురుచూడదు. రాగం, తానం, పల్లవి అని వరుసగా సాగే అంశంలో ఆలాపన తరువాత వచ్చే తానంలో తాళావర్తనం లేకపోయినా స్పష్టమైన నడక ఉంటుంది. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వంటి వైణికుల వాదనతో పరిచయం ఉన్నవారికి వీణపై తానం ఎంత నిండుగా పలుకుతుందో తెలుసు. ఆలోచన ఇంకా కుదురుకోనప్పుడు ఆలాపన, వాక్యాలు వరుసగా వస్తున్నప్పుడు తానం నాకు అనువుగా తోస్తాయి. పల్లవి మొదలవుతుండగా ఆపేయండి. అక్కడి నుంచి తాళం లెక్క మనసును లాగుతుంది.

చిత్రకారుల కోసం హిందుస్తానీ సితార్‌తో ఒక ఉదాహరణ చూద్దాం. నీటి రంగులతో వానాకాలపు ఆకాశం వేస్తున్నారనుకోండి. తడి కాగితంపై రంగు పరచేటప్పుడు చేయి తొందరపడకూడదు, మధ్యలో ఆగకూడదు. లయ లేని ఆలాప్ ఇక్కడ సరిపోతుంది. రంగు ఆరాక చెట్ల గుబుర్లు వేసే వేళకు, ఆలాప్ తరువాత వచ్చే జోడ్‌లోని నిలకడైన లయ కుంచెకు తోడ్పడుతుంది. దాని వెంట వచ్చే ఝాలాలో మీటు వేగం పెరుగుతుంది, సన్నని కొమ్మలు గీసే చేయి కూడా దానితో పరుగెత్తుతుంది. గీతల మధ్య ఎడం ఒకే తీరుగా పడుతోందంటే కుంచె చెట్టును వదిలి లయను అనుసరిస్తోందని అర్థం. అప్పుడు ఆపి, ఆలాప్‌కు తిరిగి వెళ్ళండి.

ఫోన్‌లో వినేవారు ఒక పాట ముగియగానే మరొకటి దానంతట అదే మొదలయ్యే ఏర్పాటును ముందే తీసేయాలి. లేకపోతే ఆలాపన ముగిసిన వెంటనే గాత్రం మొదలుకావచ్చు.

ఈ వారపు అభ్యాసం: ఒకరోజు బాగా తెలిసిన కృతిని వాద్యంపై వింటూ ఒక పుట రాయండి, మరునాడు అంతగా పరిచయం లేని రాగంలో ఆలాపన వింటూ మరో పుట రాయండి. పాటలోని మాట మనసులోకి వచ్చిన ప్రతిసారీ అంచున ఒక చుక్క పెట్టి, రెండు పుటలనూ పక్కపక్కన ఉంచి చూడండి. వచ్చే పాఠంలో మృదంగం, తబలా చేరిన వాదనను ఏ పనికి వాడుకోవచ్చో చూద్దాం.