బ్యాంకు నోటీసు తెలుగులోకి వచ్చాక అర్థం మారిందా? చదివినవాళ్ల ప్రశ్నను బట్టి లోపం పట్టుకోండి

నోటీసు అనువాదంలో లోపం ఎక్కడుందో, చదివిన మనిషి వేసే మొదటి ప్రశ్నే చెప్పేస్తుంది. "ఇంతకీ నా వాటా ఎంత?" అని అడిగితే ఒక వాక్యాన్ని, "గడువు దాటగానే ఇల్లు లాక్కుంటారా?" అని అడిగితే ఇంకో వాక్యాన్ని మళ్లీ చూసుకోవాలి. కింద ఒక్కో ప్రశ్నను పట్టుకుని దాని వెనక ఉన్న కారణాన్నీ, దిద్దుబాటునూ చూద్దాం.

ఉదాహరణకు ఒకే నోటీసు తీసుకుంటున్నాను. అది 2002 నాటి సర్ఫేసీ చట్టం, అంటే హామీగా పెట్టిన ఆస్తుల నుంచి బ్యాంకులు మొండి బాకీ రాబట్టుకునే చట్టం, 13(2) సెక్షన్ కింద బ్యాంకు పంపే డిమాండ్ నోటీసు. విశాఖపట్నంలో గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపు నడిపే ఒకాయన, కూర్మన్నపాలెంలోని ఇల్లు తనఖా పెట్టి అప్పు తీసుకున్నారని అనుకుందాం. షాపులోని యంత్రాలు, సరుకు కూడా అదే అప్పుకు హామీగా ఉన్నాయి. భార్య కూడా రుణగ్రహీతే. పెందుర్తిలో ఉండే బావమరిది హామీ సంతకం చేశారు. నోటీసు తేదీ మార్చి 3. ఫిబ్రవరి 28 నాటికి బాకీ రూ.18,42,600. కాగితం పైన ముగ్గురి పేర్లూ 1, 2, 3 అంకెలతో ఉన్నాయి. ఆ తర్వాత అసలు సంగతంతా ఇంగ్లిషులో పది పన్నెండు పంక్తులు సాగే ఒకే వాక్యం.

"బావా, ఇందులో మూడో వంతేగా నాది?"

హామీ సంతకం చేసినవారు అనువాదం చదివి ఇలా అడిగారంటే, 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అన్న మాట దగ్గర అర్థం తప్పింది. దీన్ని అందరూ "ఉమ్మడిగాను, విడివిడిగాను బాధ్యులు" అని రాస్తారు. మాటకు మాట సరిపోయింది కాబట్టి రాసినవారికి అనుమానం రాదు. కానీ తెలుగులో విడివిడిగా అనగానే పంపకమే గుర్తొస్తుంది. అన్నదమ్ములు విడివిడిగా కట్టుకున్నారంటే ఎవరి వాటా వారు కట్టుకున్నారనే కదా. అందువల్ల బావమరిది తన వాటా రూ.6,14,200 అని లెక్క వేసుకుంటారు.

చట్టం చెప్పేది దీనికి పూర్తిగా భిన్నం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యత ఉంటుందో హామీదారుకూ అంతే ఉంటుంది. బ్యాంకు మొత్తం డబ్బూ ఆయన ఒక్కరినే అడగవచ్చు. ఒకరు కొంత కడితే మిగిలినదానికి మళ్లీ ముగ్గురూ బాధ్యులే. అందుకని రెండు మాటల్ని రెండు మాటలుగానే దించాలన్న పట్టుదల మానుకుని, అర్థాన్ని పూర్తిగా విప్పి రాయాలి:

"ఈ బాకీ మొత్తానికి మీ ముగ్గురూ కలిసి బాధ్యులు. మీలో ప్రతి ఒక్కరూ విడిగా కూడా మొత్తం బాకీకి బాధ్యులే."

ఇక్కడ 'మొత్తం' రెండుసార్లు వచ్చింది. శైలి కోసం రెండోదాన్ని తీసేయాలనిపిస్తుంది. తీసేస్తే మళ్లీ పంపకం అర్థమే వస్తుంది, ఉండనివ్వండి.

ఇదే చోట ఇంకో లోపం కూడా దాక్కుంటుంది. తెలుగులో 'మీరు' ఒక్కరినీ అంటాం, పదిమందినీ అంటాం. ఇంట్లో ఆ కాగితం చదివే భార్య, "మీరు" అన్నది తన భర్తకు బ్యాంకువారు ఇచ్చిన మర్యాద అనుకుంటే తప్పు ఆమెది కాదు. "1, 2, 3 అంకెల కింద పేర్లున్న మీ ముగ్గురూ" అని మొదటి వాక్యంలోనే కట్టేయాలి. నోటీసులో ఎక్కడైనా హామీదారును మాత్రమే ఉద్దేశించిన పేరా ఉంటే అక్కడ "3వ పేరు గల మీరు" అని మళ్లీ విడదీయాలి.

"పద్దెనిమిది లక్షల నలభై రెండు వేల ఆరు వందలు తెచ్చాం, ఇంకా ఏదో ఉందంటున్నారు"

అంకె ఒక చోట, వడ్డీ సంగతి వాక్యం చివర ఎక్కడో ఉంటే చదివేవారి కళ్లు అంకె దగ్గరే ఆగిపోతాయి. "ఫిబ్రవరి 28 నాటికి రూ.18,42,600 మరియు ఒప్పంద రేటుపై తదుపరి వడ్డీ మరియు ఇతర ఖర్చులు" అని గొలుసు కట్టినప్పుడు, ఆ 'తదుపరి' ఎప్పటి నుంచో, ఎప్పటి వరకో తెలియదు. దాన్ని రెండు వాక్యాలు చేయండి. మొదటిది బాకీని, అది ఏ తేదీ నాటి లెక్కో చెప్పాలి. రెండోది "మార్చి 1 నుంచి బాకీ పూర్తిగా తీరే రోజు వరకు ఒప్పందంలోని రేటు ప్రకారం వడ్డీ, ఖర్చులు దీనికి అదనం" అని చెప్పాలి. అయితే ఇంగ్లిషు ప్రతి ఏ రోజు నుంచి అంటే ఆ రోజే రాయాలి. కొన్ని నోటీసులు వడ్డీని వేరే తేదీ నుంచి లెక్కిస్తాయి.

"కాగితం మా చేతికొచ్చింది పదో తేదీన, అప్పటి నుంచే కదా లెక్క?"

ఉత్త "60 రోజుల్లో చెల్లించాలి" అని రాస్తే ఈ ప్రశ్న రాక తప్పదు. 13(2) సెక్షన్ మాట "నోటీసు తేదీ నుంచి 60 రోజుల్లోగా". కొన్ని ఇతర నోటీసులు అందిన తేదీ నుంచి లెక్కిస్తాయి కాబట్టి, 'నోటీసు తేదీ', 'అందిన తేదీ' అన్న రెండు మాటలనూ ఎప్పుడూ కలిపేయకూడదు. చేతిలో ఉన్న కాగితం ఏది చెబితే అదే రాయాలి.

తర్వాతి చిక్కు 'నుంచి'. మార్చి 3 నుంచి అంటే తెలుగులో చాలామంది మూడో తేదీని కూడా కలిపే లెక్కపెడతారు. చట్టాల్లో మాత్రం 'ఫ్రమ్' అన్నప్పుడు మొదటి రోజును వదిలేయడం పద్ధతి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ అదే చెబుతుంది. అలా లెక్కిస్తే మార్చి 31 నాటికి 28 రోజులు, ఏప్రిల్ 30 నాటికి 58 రోజులు, మే 2న అరవయ్యో రోజు. ఈ తేదీ నోటీసులో లేదు. కాబట్టి అనువాదంలోకి చొప్పించకూడదు. వేరే కాగితం మీద, "అనువాదకుని వివరణ" అన్న శీర్షికతో విడిగా రాయండి: "ఈ లెక్కన గడువు మే 2తో ముగుస్తుంది. మే 2 కూడా గడువులోనిదే." రెండో వాక్యం లేకపోతే, "రెండులోగా అంటే ఒకటో తేదీకే కట్టాలా?" అన్న చర్చ మొదలవుతుంది.

"మే మూడున తాళం వేసేస్తారా?" లేదా "ఏమో, చేయవచ్చు, చేయకపోవచ్చు"

ఒకే ఇంగ్లిషు వాక్యానికి ఇవి రెండు రకాల తప్పుడు అనువాదాలు. ఒకటి భయపెడుతుంది, రెండోది నిద్రపుచ్చుతుంది. ఇంగ్లిషులో ఉన్నది, చెల్లించకపోతే 13(4) సెక్షన్ కింది హక్కులను వాడుకునే అధికారం బ్యాంకుకు వస్తుందని. "స్వాధీనం చేసుకుంటుంది" అంటే జరిగి తీరే పని అయిపోయింది. పైగా 13(4)లో స్వాధీనం ఒక్కటే లేదు. వ్యాపార నిర్వహణను చేపట్టడం, స్వాధీనమైన ఆస్తి చూసుకోవడానికి మేనేజరును పెట్టడం కూడా ఉన్నాయి. నోటీసు చెప్పని ఎంపికను అనువాదం చేసేసిందన్నమాట.

సరే, మెత్తగా చెబుదామని "స్వాధీనం చేసుకోవచ్చు" అంటే అదీ కుదరదు. మన 'వచ్చు'కు రెండు పనులు. "సాయంత్రం వాన రావచ్చు" అనేది ఊహ. "మీరు లోపలికి రావచ్చు" అనేది అనుమతి. బెదిరిపోయి ఉన్న మనిషి తనకు అనుకూలమైన అర్థాన్నే తీసుకుంటాడు. అందుకే నోటీసుల్లో హక్కును హక్కు అనే చెప్పాలి:

"అలా చెల్లించకపోతే, చట్టంలోని 13(4) సెక్షన్ ఇచ్చిన హక్కులన్నిటినీ గానీ, వాటిలో ఏ ఒక్కదాన్నైనా, కొన్నిటినైనా గానీ వినియోగించుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది."

"అలా చెల్లించకపోతే" అన్న ముడి చాలా అవసరం. పొడవాటి వాక్యాన్ని ముక్కలు చేయడం మంచిదే గానీ, ముక్కల మధ్య షరతు రాలిపోతే బ్యాంకుకు ఆ హక్కు ఈ రోజే ఉందని అర్థం వస్తుంది. విరిచిన ప్రతి చోటా రెండో వాక్యం 'అలా', 'అప్పుడు', 'ఆ గడువు దాటాక' వంటి మాటతో మొదలైందో లేదో చూసుకోండి.

"పై వాటా ఖాళీ అయింది, అద్దెకు ఇవ్వవచ్చా? షాపులో సరుకు అమ్మవచ్చా?"

నోటీసు చివర, 13(13) సెక్షన్ ఆధారంగా ఒక నిషేధం ఉంటుంది. నోటీసు అందాక హామీగా ఉన్న ఆస్తులను బ్యాంకు రాతపూర్వక అనుమతి ముందుగా పొందకుండా అమ్మకం, లీజు లేదా మరే విధంగానూ బదిలీ చేయకూడదు, వ్యాపారంలో మామూలుగా జరిగేవి తప్ప. ఇంగ్లిషులో ఆ మినహాయింపు మధ్యలో బ్రాకెట్లలో ఉంటుంది. తెలుగులో దాన్ని చివర తగిలిస్తే, రాతపూర్వక అనుమతికే మినహాయింపు అన్నట్టు, ఇంటికీ వర్తించేట్టు వినిపిస్తుంది. నేనైతే నిషేధాన్ని ముందు పూర్తిచేసి, మినహాయింపుకు వేరే వాక్యం ఇస్తాను: "మీ వ్యాపారంలో మామూలుగా జరిగే లావాదేవీలకు ఈ నిషేధం వర్తించదు." ఆటోనగర్ షాపులో తయారైన విడిభాగాలను రోజూ అమ్మినట్టే అమ్మడం ఈ మాట కిందికి వస్తుంది. లేత్ యంత్రాన్నే అమ్మేయడం రాదు. కానీ ఈ ఉదాహరణలు అనువాదంలో పెట్టకండి, అవీ వివరణలోకే వెళ్లాలి.

'ముందుగా', 'రాతపూర్వకంగా' అన్న రెండు మాటల్లో ఏదీ జారకూడదు. ఒకటి పోతే, మేనేజరు ఫోనులో సరేనన్నారు కదా అని లీజు రాసేస్తారు.

నోటీసు ముగింపులో వచ్చే 'వితౌట్ ప్రిజుడీస్' గురించి ఒక్క మాట. నిఘంటువు చూసి "పక్షపాతం లేకుండా" అని రాసినవి కనబడుతుంటాయి. బ్యాంకు తన నిజాయితీ గురించి చెప్పుకుంటోందని చదివేవారు అనుకుంటారు పాపం. "బ్యాంకుకున్న ఇతర హక్కులకు భంగం లేకుండా" అన్నది దాని అర్థం.

అంతా సరిగ్గానే ఉంది, అయినా "ఇప్పుడు మేమేం చేయాలి?" అంటున్నారు

ఇది అనువాద లోపం కాదు, నోటీసు అంతవరకే చెప్పింది. ముందుగా ఇంగ్లిషు ప్రతి చూడని ఒకరి చేత తెలుగు చదివించి, ఎవరు, ఎంత, ఎప్పటిలోగా, కట్టకపోతే ఏమిటి అని అడగండి. ఆ జవాబులు ఇంగ్లిషుతో సరిపోతే అనువాదాన్ని ఇక ముట్టుకోకండి. మిగిలిందంతా వివరణ పేజీలో రాయండి. నోటీసుపై అభ్యంతరాలుంటే 13(3ఎ) కింద బ్యాంకుకు రాతపూర్వకంగా పంపవచ్చు. బ్యాంకు వాటిని అంగీకరించకపోతే, తనకు అవి అందిన 15 రోజుల్లోగా కారణాలతో జవాబివ్వాలి. అయితే ఆ జవాబు మీదే ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలు లేదు. 13(4) కింద బ్యాంకు చర్య తీసుకున్నాక, ఆ చర్య తేదీ నుంచి 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ట్రిబ్యునల్ విశాఖపట్నంలోనే ఉంది. వివరణ పేజీని వకీలుకు చూపించాకే ఇంటివాళ్లకు ఇవ్వండి, రెండు కాగితాలనూ ఒకే పిన్నుతో కలిపి కుట్టకండి.