‘పర్సోనా నాన్ గ్రాటా’, ‘స్టేటస్ కో’ అని వార్తలో కనబడితే ఎలా చదవాలి?

దౌత్య వార్తల్లో తరచుగా దొర్లే ఈ రెండు లాటిన్ పదబంధాలను మన పత్రికలు సాధారణంగా ‘అవాంఛిత వ్యక్తి’ అనీ, ‘యథాతథ స్థితి’ అనీ అనువదిస్తాయి. అనువాదాలు తప్పు కావు గానీ, అసలు మాటల్లో దాగి ఉన్న ఒక్కొక్క ప్రశ్న వాటిలో జారిపోతుంది. మొదటి దాన్ని చదివినప్పుడు ‘ఎవరికి?’ అనీ, రెండో దాన్ని చదివినప్పుడు ‘ఏ నాటికి?’ అనీ అడగడం అలవాటు చేసుకుంటే వార్త సగానికి పైగా దానంతట అదే విడిపోతుంది.

ముందుగా మాటలను విడదీయండి

లాటిన్‌లో ‘పర్సోనా’ అంటే మొదట నటుడు ముఖానికి తొడుక్కునే ముసుగు, తరువాత అతడు ధరించే పాత్ర, ఆ తరువాత వ్యక్తి. ‘నాన్’ అంటే కాదు. ‘గ్రాటా’ అంటే ఇష్టమైన, ఆమోదయోగ్యమైన అని అర్థం. మొత్తం మీద ‘ఆమోదయోగ్యం కాని వ్యక్తి’ అన్నమాట. ‘పర్సోనా’ లాటిన్‌లో స్త్రీలింగ పదం కాబట్టి, రాయబారి పురుషుడైనా విశేషణం ‘గ్రాటా’గానే ఉంటుంది. ఒకరి కంటే ఎక్కువ మందిని గురించి చెప్పేటప్పుడు లాటిన్ తెలిసినవారు ‘పర్సోనే నాన్ గ్రాటే’ అంటారు. ఈ మాటలో నేరం, శిక్ష, దోషం అనే అర్థాలు ఎక్కడా లేవు. ఉన్నదల్లా ఒకరికి ఒకరు నచ్చకపోవడమే. ముసుగు అనే పాత అర్థం కూడా ఇక్కడ బాగా కుదురుతుందని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఆతిథ్య దేశం తిరస్కరించేది ఆ మనిషి ధరించిన దౌత్య పాత్రను.

ఎవరు, ఎవరిని అన్నారో చూడండి

ఈ మాటకు చట్టపరమైన బలం దౌత్య సంబంధాలపై 1961లో కుదిరిన వియన్నా ఒప్పందంలోని 9వ అధికరణం నుంచి వస్తుంది. దాని ప్రకారం ఆతిథ్య దేశం ఎప్పుడైనా, కారణం చెప్పనవసరం లేకుండా, ఒక రాయబారి గానీ దౌత్యాధికారి గానీ తనకు ఆమోదయోగ్యుడు కాదని పంపిన దేశానికి తెలియజేయవచ్చు. ఆ వ్యక్తి ఇంకా గడప తొక్కకముందే కూడా ఆ మాట అనవచ్చు. కార్యాలయంలోని ఇతర సిబ్బంది విషయంలో ఒప్పందం ఈ లాటిన్ మాట వాడకుండా ‘ఆమోదయోగ్యులు కారు’ అని మాత్రమే అంటుంది. పత్రికలు ఈ తేడాను సాధారణంగా పట్టించుకోవు.

కాబట్టి వార్తలో రెండు దేశాలు, వాటి మధ్య నియమితుడైన ఒక అధికారి ఉన్నారా అని చూసుకోవాలి. 2024 అక్టోబరు 2న ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్‌ను ఇజ్రాయెల్ పర్సోనా నాన్ గ్రాటాగా ప్రకటించింది. ఆయన ఏ దేశమూ ఇజ్రాయెల్‌కు పంపిన దౌత్యాధికారి కాదు కాబట్టి, వెనక్కి పిలిపించే ప్రశ్నే అక్కడ తలెత్తదు. ఆ ప్రకటన ఆచరణలో ప్రవేశ నిషేధం, దానితో పాటు ఒక రాజకీయ నిరసన. నగరపాలక మండళ్లు గానీ, సంస్థలు గానీ ఎవరినైనా ఇలా ప్రకటించాయని చదివితే దాన్ని అలంకారంగానే తీసుకోవాలి.

కారణం కంటే గడువును ముందు చదవండి

ప్రకటనలో కారణం ఉంటే అది సాధారణంగా ‘హోదాకు తగని కార్యకలాపాలు’ అనే ఒక్క వాక్యంగా ఉంటుంది. దౌత్య వాడుకలో ఇది చాలా సార్లు గూఢచర్యాన్ని సూచిస్తుంది, అయినా రుజువైన ఆరోపణ అని మాత్రం దీనికి అర్థం కాదు. అరెస్టు చేయకుండా పంపించివేయడమెందుకని పాఠకులకు అనుమానం కలగవచ్చు. అదే ఒప్పందంలోని 29వ అధికరణం దౌత్యాధికారిని నిర్బంధించడాన్ని నిషేధిస్తుంది. పంపిన దేశం ఆ రక్షణను వదులుకోనంతవరకు ఆతిథ్య దేశం చేతిలో మిగిలేది ‘వెళ్లిపో’ అనే మాట ఒక్కటే.

గడువు మాత్రం ప్రకటన తీవ్రతను చెబుతుంది. ఒప్పందం ‘సమంజసమైన గడువు’ అంటుందే తప్ప ఇన్ని రోజులని లెక్క కట్టలేదు. 2025 ఏప్రిల్ 23న భారత్, న్యూఢిల్లీలోని పాకిస్థాన్ హైకమిషన్‌లో ఉన్న సైనిక, నౌకా, వైమానిక సలహాదారులను ఈ మాటతో ప్రకటించి వారం గడువు ఇచ్చింది. అదే ఏడాది మే 13న మరో అధికారిని 24 గంటల్లో వెళ్లమంది. పాకిస్థాన్ కూడా ఆ రోజే ఇస్లామాబాద్‌లోని భారతీయ సిబ్బందిలో ఒకరిని అదే గడువుతో పంపించివేసింది. ఈ ప్రతిచర్య దాదాపు ప్రతిసారీ వస్తుంది కాబట్టి, మొదటి వార్తను చదివిన రోజే రెండో వార్త కోసం ఎదురుచూడవచ్చు. పంపిన దేశం మొండికేస్తే ఏమవుతుందన్నది కూడా ఒప్పందంలోనే ఉంది. గడువు దాటిన తరువాత ఆతిథ్య దేశం ఆ వ్యక్తిని దౌత్య బృందంలో సభ్యుడిగా గుర్తించడం మానుకోవచ్చు.

ఒక రాయబారి కథతో సరిచూసుకోండి

జార్జ్ కెనన్ 1952లో మాస్కోలో అమెరికా రాయబారిగా చేరారు. సెప్టెంబరు 19న లండన్ వెళ్తూ బెర్లిన్‌లోని టెంపుల్‌హాఫ్ విమానాశ్రయంలో ఆగినప్పుడు, రష్యన్లతో మీకు సామాజిక సంబంధాలుంటాయా అని ఒక విలేకరి అడిగారు. మాస్కోలో తమ ఒంటరితనాన్ని ఆయన, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ తనను నిర్బంధించిన రోజులతో పోల్చారు. అక్టోబరు 3న సోవియట్ ప్రభుత్వం ఆయనను పర్సోనా నాన్ గ్రాటాగా ప్రకటించింది. అప్పటికి ఆయన దేశం బయటే ఉన్నారు, ఇక తిరిగి ఆ పదవిలోకి వెళ్లలేదు. తరువాతి రాయబారి చార్లెస్ బోలెన్ 1953లో గానీ వెళ్లలేదు.

ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. ఆమోదయోగ్యం కానిది ఎవరికి? మాస్కోకు మాత్రమే. ఆయనపై విచారణ జరగలేదు, అమెరికా ఆయనను దోషిగా చూడలేదు, 1961లో అదే కెనన్ యుగోస్లావియాకు రాయబారిగా వెళ్లారు. వియన్నా ఒప్పందానికి తొమ్మిదేళ్ల ముందే ఇదంతా జరిగిందంటే, ఒప్పందం అప్పటికే ఉన్న ఆచారాన్ని రాతలో పెట్టిందన్నమాట. ‘అవాంఛిత వ్యక్తి’ అనే తెలుగు మాటను చదివినప్పుడు ఆ మనిషి మీద శాశ్వతమైన మచ్చ పడినట్టు తోచేది, అనువాదంలో ‘ఎవరికి’ అన్నది పడిపోవడం వల్లనే.

ఇక ‘స్టేటస్ కో’ వద్ద తేదీని వెతకండి

‘స్టేటస్’ అంటే స్థితి, ‘కో’ అంటే ‘ఏ దానిలో’. అంటే ‘ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితి’. విడిగా చూస్తే ఇది అసంపూర్ణంగా వేలాడే పదబంధం, ఎందుకంటే ఇది ఒక పెద్ద పదబంధం నుంచి విరిగిన ముక్క. యుద్ధానికి ముందు ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోకి అనే అర్థంలో వాడే ‘ఇన్ స్టాటూ కో ఆంటె బెల్లుమ్’ దాని మూలం. ‘ఆంటె’ అంటే ముందు, ‘బెల్లుమ్’ అంటే యుద్ధం. ఈ రెండు మాటలూ రాలిపోయాక మిగిలిన స్టేటస్ కో ప్రస్తుత స్థితిగా స్థిరపడింది. ‘ఆంటె’ అంటిపెట్టుకుని ఉంటే మాత్రం అర్థం తలకిందులవుతుంది. ఒకటి కదలవద్దంటుంది, మరొకటి వెనక్కి కదలమంటుంది.

తెలుగు వార్తల్లో ఈ రెంటికీ ‘యథాతథ స్థితి’ అనే వాడుతుండటం గందరగోళానికి మూలం. విడదీయడానికి క్రియాపదాన్ని చూడటం సులువైన మార్గం. ‘కొనసాగించాలి’, ‘మార్చరాదు’ అని ఉంటే ఇప్పటి స్థితి. ‘పునరుద్ధరించాలి’ అని ఉంటే మునుపటి స్థితి, ఎందుకంటే చేతిలో ఉన్నదాన్ని పునరుద్ధరించనక్కర లేదు. దీనికి ‘యథాపూర్వ స్థితి’ అన్న మాట మనకు సిద్ధంగా ఉంది, పత్రికలు దాన్ని ఇంకా కాస్త ధారాళంగా వాడితే బాగుండును.

తేదీ ఎంత మార్పు తెస్తుందో 1965 భారత్-పాకిస్థాన్ యుద్ధం తరువాత వచ్చిన తాష్కెంట్ ప్రకటనలో చూడవచ్చు. 1966 జనవరి 10న మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, పాకిస్థాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన ఆ ప్రకటన, ఇరు సైన్యాలూ 1965 ఆగస్టు 5కు ముందున్న స్థానాలకు ఫిబ్రవరి 25లోగా వెళ్లాలని చెప్పింది. యథాపూర్వ స్థితికి ఇది చక్కని నమూనా. అయితే ‘యుద్ధానికి ముందు’ అని ఊరుకుని ఉంటే, యుద్ధం ఎప్పుడు మొదలైందన్న వాదనే తెగేది కాదు. భారత సైన్యం కశ్మీర్‌లోని హాజీపీర్ కనుమను ఆగస్టు 28న పట్టుకుంది, పాకిస్థాన్ జమ్మూ వైపున్న ఛంబ్‌పై సెప్టెంబరు 1న దాడి చేసింది. గీటు ఆగస్టు 31 వద్ద గీసి ఉంటే కనుమ భారత్ చేతిలోనే ఉండేది, ఛంబ్‌ను మాత్రం పాకిస్థాన్ తిరిగి ఇవ్వవలసి వచ్చేది. ఆగస్టు 5 వద్ద గీయడం వల్ల భారత్ హాజీపీర్‌ను వదులుకోవలసి వచ్చింది.

1972 జూలై 2 నాటి సిమ్లా ఒప్పందంలోనైతే రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. అంతర్జాతీయ సరిహద్దు వెంబడి ఇరు సైన్యాలూ తమ తమ వైపులకు వెనుదిరగాలి, అంటే అక్కడ యథాపూర్వ స్థితి. జమ్మూ కశ్మీర్‌లో మాత్రం 1971 డిసెంబరు 17 నాటి కాల్పుల విరమణ ఫలితంగా ఏర్పడిన నియంత్రణ రేఖను ఎవరూ ఏకపక్షంగా మార్చరాదు, అంటే అక్కడ ఉన్న స్థితే గీటురాయి. ఒకే ఒప్పందాన్ని గురించి ఒక పత్రిక ‘వెనక్కి వెళ్లారు’ అనీ, మరొకటి ‘ఉన్నచోటే ఉన్నారు’ అనీ రాస్తే రెండూ నిజమే కావచ్చు.

ఇదే పరీక్షను 2020 నాటి గల్వాన్ వార్తలకూ పెట్టవచ్చు. ఆ ఏడాది జూన్ 16న భారత విదేశాంగ శాఖ, చైనా అక్కడ స్టేటస్ కోను ఏకపక్షంగా మార్చడానికి ప్రయత్నించిందని పేర్కొంది. అంటే మారకుండా ఉండవలసిన స్థితి ఒకటుందని చెప్పడం. 2024 అక్టోబరులో సైన్యాధిపతి జనరల్ ఉపేంద్ర ద్వివేది, 2020 ఏప్రిల్ నాటి స్టేటస్ కోకు తిరిగి వెళ్లాలని కోరుతున్నామన్నారు. మాట ఒకటే అయినా ‘తిరిగి వెళ్లడం’ అనే క్రియ, నెల పేరు కలిసి దానికి ‘ఆంటె’ అర్థాన్ని తెచ్చిపెట్టాయి. తేదీ చెప్పకుండా స్టేటస్ కో అని మాత్రమే ఉన్న వార్త ఎదురైతే, ఒక్కో పక్షం మనసులో ఒక్కో తేదీ ఉండే అవకాశం ఉందని గుర్తించి, ఉభయులూ సంతకం చేసిన పాఠం బయటికి వచ్చేదాకా ఏ అర్థాన్నీ ఖాయం చేసుకోకుండా ఆగండి.