తెర మీద చదువు – 3వ పాఠం: డార్క్ మోడా, లైట్ మోడా?

పోయిన పాఠంలో అక్షరాల సైజు, వరుసల మధ్య ఎడం సరిచేసుకున్నాం. ఆ సెట్టింగులు మార్చకండి. ఈ పాఠంలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీరు కూర్చున్న చోట, మీ కళ్లకు ఏది హాయి? నల్ల తెర మీద తెల్ల అక్షరాలా, తెల్ల తెర మీద నల్ల అక్షరాలా? డార్క్ మోడ్ పెట్టుకుంటే కళ్లకు మంచిదని చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. కొన్ని చోట్ల అది నిజమే. పగటిపూట, దీపం వెలుతురులో చేసే మామూలు చదువుకు మాత్రం నేను లైట్ మోడ్ వైపే ఉంటాను. కారణం కంటిపాపలో ఉంది.

వెలుతురు బాగా ఉన్నప్పుడు కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకట్లో, ముఖ్యంగా కుర్రవయసులో, ఆరేడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. తెర తెల్లగా ఉంటే కంట్లోకి వెళ్లే వెలుతురు ఎక్కువ కాబట్టి పాప చిన్నదవుతుంది. అప్పుడు కంటి కటకం అంచుల గుండా రావాల్సిన కిరణాలు లోపలికి రావు. బొమ్మను మసకబార్చేవి ఎక్కువగా ఆ అంచు కిరణాలే. అవి తగ్గేసరికి అక్షరం పదునుగా కనిపిస్తుంది. నల్ల తెర ముందు పాప విచ్చుకుంటుంది, అక్షరం చుట్టూ వెలుగు కాస్త చెదురుతుంది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో కుర్రవాళ్లూ పెద్దవాళ్లూ కూడా తెల్ల తెర మీది నల్ల అక్షరాలనే మెరుగ్గా చదవగలిగారు. నలభై దాటి దగ్గరచూపు తగ్గినవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. పాప చిన్నగా ఉంటే ఫోన్ కాస్త ముందుకో వెనక్కో జరిగినా అక్షరం వెంటనే మసకబారదు.

ఈ తేడా మన లిపిలో తొందరగా బయటపడుతుంది. ర, ఠ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా అల్లా లోపలి చుక్కే. ధ, థ కూడా అంతే. డార్క్ మోడ్‌లో తెల్ల గీత కాస్త ఉబ్బినట్టు కనిపిస్తుంది కాబట్టి గుండ్రం లోపలి ఖాళీ పూడుకుపోయి చుక్క అందులో కలిసిపోతుంది. అందుకని పరీక్షకు ఈ వరుస వాడుకుందాం:

రథం, ధర, కథ, గాధ, గాథ, పారం, పాఠం

దీన్ని ఫోన్‌లో నోట్స్ యాప్‌లో టైప్ చేసి, మామూలుగా చదివే సైజులో ఉంచండి. Settings లో Display లోకి వెళ్లి Adaptive brightness ఆపండి, లేకపోతే పరీక్ష మధ్యలో వెలుగు దానంతట అదే మారిపోతుంది. ఫోన్‌ను మూరెడు దూరంలో పట్టుకోండి. Dark theme పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చదవండి. మోడ్ మార్చిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగితే కన్ను కొత్త వెలుగుకు సర్దుకుంటుంది. అర్థాన్ని బట్టి ఊహించకుండా, థలో చుక్క నిజంగా విడిగా కనిపిస్తోందా లేదా అన్నదే చూడండి. తర్వాత ఒక కన్ను మూసి ఇంకో కంటితో, అలాగే రెండో కంటితో.

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఎదురింటి అక్క చేత ఈ పరీక్ష చేయించాను. ఆవిడకు నలభై ఆరేళ్లు. డిపార్ట్‌మెంటల్ పరీక్ష కోసం రాత్రి పది దాటాక, ట్యూబ్‌లైట్ ఆపేసి, ఫోన్‌లో పీడీఎఫ్ చదువుకుంటారు. డార్క్ మోడ్, వెలుగు మాత్రం ఫుల్. అరగంటకల్లా నుదురు లాగేస్తోందని, వరుసలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని చెప్పారు. పరీక్షలో డార్క్ మోడ్‌లో గాధకూ గాథకూ తేడా తెలియలేదు, లైట్ మోడ్‌లో తెలిసింది. అంతవరకు అనుకున్నదే. కానీ కుడికన్ను ఒక్కటే మరీ ఎక్కువ తడబడింది. కళ్ల డాక్టర్ రాసిన చీటీ తీసి చూస్తే, CYL గడిలో కుడికంటికి -1.00 ఉంది, ఎడమకంటికి ఖాళీ. అంటే కుడికంట్లో సిలిండర్ పవర్ ఉంది. కంటి ముందుభాగం వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వచ్చేది అది. పాప విచ్చుకున్నప్పుడు ఆ లోపం మరింత బయటపడుతుంది, తెల్ల అక్షరానికి తోక వచ్చినట్టో నీడ పడినట్టో కనిపిస్తుంది. అక్క ఆ చీటీ అద్దాలు పగలు మాత్రమే పెట్టుకుంటారు. రాత్రిపూట షాపులో కొన్న రెడీమేడ్ రీడింగ్ గ్లాసులు. వాటిలో రెండు కళ్లకూ ఒకే పవర్ ఉంటుంది, సిలిండర్ ఉండదు.

"మరి లైట్ మోడ్ పెడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి కదా తమ్ముడూ?" అన్నారు. నిజమే, చీకటి గదిలో ఫుల్ వెలుగుతో తెల్ల తెర చూస్తే ఎవరికైనా అంతే. అలసటకు పెద్ద కారణం తెరకూ గదికీ మధ్య ఉన్న ఆ తేడా. అందుకని టేబుల్ లైట్ వేసి, దాని వెలుగు తెర మీద పడకుండా గోడ వైపు తిప్పాం. ఫోన్ పక్కన తెల్ల కాగితం పెట్టి, తెర తెలుపు, కాగితం తెలుపు దాదాపు ఒకేలా కనిపించేదాకా వెలుగు తగ్గించాం. ఫోన్‌లో వెలుగు సర్దే గీత పావు వంతు కూడా రాలేదు. చీటీ అద్దాలు పెట్టుకుని, లైట్ మోడ్‌లో చదివితే చుక్కలన్నీ కనిపించాయి, నుదురు లాగడం కూడా తగ్గింది. కళ్లు ఎండినట్టు ఉండటం మాత్రం తగ్గలేదు. తెర చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువ కొడతాం. ఏ మోడ్ పెట్టినా అది మారదు, ఏసీ గదిలో ఇంకా ఎక్కువవుతుంది.

ఎండలో లెక్క వేరు. ఆర్‌కే బీచ్‌లో పదింటికి బెంచీ మీద కూర్చుని డార్క్ మోడ్‌లో చదవబోతే ఫోన్ అద్దంలా మారి మీ ముఖం, ఆకాశం కనిపిస్తాయి. తెర గాజు మీద పడ్డ వెలుతురులో కొంత మన కంటికే తిరిగొస్తుంది. నల్లటి చోట ఆ ప్రతిబింబం తేలిపోతుంది, తెల్లటి చోట తెర వెలుగులో మునిగిపోతుంది. బయట లైట్ మోడ్, ఫుల్ వెలుగు. వేరే మాట లేదు.

డార్క్ మోడ్ గెలిచే చోట్లు కూడా ఉన్నాయి. పక్కన పిల్లలు నిద్రపోతుంటే దీపం వేయలేం. వెలుతురు పడితే తలనొప్పి పెరిగేవాళ్లకు తెల్ల తెర బాధే. అన్నిటికన్నా ముఖ్యం శుక్లాలు. కంటి కటకం మసకబారినప్పుడు తెల్ల తెర నుంచి వచ్చే వెలుగంతా లోపల చెదిరి, అక్షరాల మీద పొగ కమ్మినట్టు అవుతుంది. నల్ల తెర నుంచి చెదిరేందుకు వెలుగే తక్కువ, అందుకే వాళ్లు డార్క్ మోడ్‌లోనే బాగా చదువుతారు. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా లైట్ మోడ్‌లో పొగలా ఉందంటే మోడ్ మార్చి ఊరుకోకండి, కళ్ల డాక్టర్‌కు చూపించండి.

డార్క్ మోడ్ వాడేటప్పుడు చిక్కటి నలుపు మీద తళతళలాడే తెలుపు వద్దు. చదివే యాప్‌లో రంగులు మార్చుకునే వీలుంటే నేపథ్యానికి #121212 అనే ముదురు బూడిద రంగు, అక్షరానికి #E0E0E0 అనే లేత బూడిద రంగు పెట్టండి. రెండింటి మధ్య కాంట్రాస్ట్ ఇంకా 14 రెట్లు ఉంటుంది, చదవడానికి అది చాలా ఎక్కువే. తెల్ల గీత లావుగా కనిపిస్తుంది కాబట్టి బోల్డ్ తీసేయండి, అక్షరం సైజు ఒక మెట్టు పెంచండి.

ఈ వారం అభ్యాసం: పై వరుసను పగలు కిటికీ పక్కన ఒకసారి, రాత్రి మీరు రోజూ చదివే చోట ఒకసారి, రెండు మోడ్‌లలోనూ చదివి, ఏ అక్షరం దగ్గర తడబడ్డారో కాగితం మీద రాసుకోండి. మీ కళ్లద్దాల చీటీలో CYL గడి కూడా చూసి పక్కన రాయండి. నాలుగో పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెట్టి, కంప్యూటర్ తెరను ఎంత ఎత్తులో, ఎంత దూరంలో పెట్టాలో చూద్దాం.