చదివే స్క్రిప్టు తడబడుతోందా? లోపం లైను విరుపులో ఉండొచ్చు

సమస్య: వాక్యం మధ్యలో ఊపిరి అయిపోతోంది, లేదా అక్కర్లేని చోట ఆగాల్సి వస్తోంది.

కారణం చాలాసార్లు కాగితమే. పైకి చదివేటప్పుడు కన్ను గొంతు కంటే రెండు మూడు మాటలు ముందు నడుస్తుంది. లైను చివర కన్ను కిందికి దిగే క్షణంలో గొంతు కూడా కాస్త తగ్గుతుంది. కంప్యూటరు మాత్రం అంచు తగిలిన చోట లైను తెంపుతుంది, అర్థంతో దానికి పని లేదు. అందుకే 'జరగాల్సిన' ఒక లైను చివర, 'సమావేశం' తర్వాతి లైను మొదట పడతాయి. చదివేవారు అక్కడ ఆగుతారు, వినేవారికి మాట తెగుతుంది.

లైన్లను మీరే విరవండి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఊపిరి తీసుకునే చోట్లు దాదాపు తెలిసినవే: 'వేసి', 'చూస్తూ', 'వస్తే', 'వెళ్లినప్పుడు', 'అని' వంటి మాటల తర్వాత, 'వల్ల', 'కోసం' తర్వాత. విరవకూడని చోట్లూ ఉన్నాయి. 'చేసిన పని', 'రాబోయే వారం' లాంటి జంటలను, అంకెను దాని కొలతను, పేరును ఇంటిపేరును విడదీయకండి.

ఈ వాక్యం చూడండి:

వర్షం వల్ల రేపు జరగాల్సిన సమావేశాన్ని వాయిదా వేసి వచ్చే సోమవారం ఉదయం పది గంటలకు ఇదే హాల్లో జరపాలని కమిటీ నిర్ణయించింది కాబట్టి సభ్యులందరూ తమ పత్రాలను శనివారంలోగా అందజేయాలి.

ఆగకుండా చదివితే, వర్షం పడింది గనుకే రేపు సమావేశం పెట్టుకున్నట్టు వినిపిస్తుంది. మొదటి విరుపు 'వల్ల' దగ్గర పడితే ఆ ఇబ్బంది పోతుంది:

వర్షం వల్ల /

రేపు జరగాల్సిన సమావేశాన్ని వాయిదా వేసి /

వచ్చే సోమవారం ఉదయం పది గంటలకు /

ఇదే హాల్లో జరపాలని కమిటీ నిర్ణయించింది. //

కాబట్టి సభ్యులందరూ తమ పత్రాలను /

శనివారంలోగా అందజేయాలి. //

ఒక గీత అంటే చిన్న ఊపిరి. రెండు గీతలంటే మనసులో 'ఒకటి, రెండు' అనుకునేంత సేపు. 'నిర్ణయించింది' దగ్గర వాక్యాన్నే రెండు చేశాం. రాతలో ఒకే వాక్యంగా నడిచినా నోటికి అది బరువే.

గీతలకు అటూ ఇటూ ఖాళీ వదలండి. తేదీలను, పెద్ద సంఖ్యలను అక్షరాల్లో రాసుకోండి. లేకపోతే 5/6లోని గీత కూడా ఆగమన్నట్టే కనిపిస్తుంది.

సమస్య: లైన్లు విరిచాక ఒక్కో మాట ఒంటరిగా కిందికి జారుతోంది, మాటల మధ్య ఖాళీలు సాగిపోతున్నాయి.

ముందు విరిచి తర్వాత అక్షరం పెంచితే మొదటిది జరుగుతుంది. అందుకే సైజు, మార్జిన్లు ముందే ఖాయం చేసుకోండి. ఏ4 కాగితానికి 20 నుంచి 24 పాయింట్లు బాగుంటుంది. విరవడం ఆ తర్వాతే. ఇక ఖాళీలు సాగడానికి కారణం రెండు అంచులూ సమం చేసే అమరిక. వర్డులో ఆ అమరిక ఉండగా Shift+Enter కొడితే పొట్టి లైను కూడా అంచు దాకా సాగుతుంది, ఆ వెడల్పు ఖాళీని కన్ను విరామమనుకుంటుంది. ఎడమ అంచుకే సర్దండి. ఊపిరికి Shift+Enter, పేరాకు Enter వాడి, పేరా తర్వాత 12 పాయింట్ల ఖాళీ ఇవ్వండి.

సమస్య: పెద్ద అక్షరాలే, అయినా ఒత్తులు కలిసిపోయి కన్ను లైను తప్పుతోంది.

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే లైను దూరం ఇక్కడ చాలదు. లైన్ స్పేసింగులో Exactly ఎంచుకుని తక్కువ అంకె ఇస్తే ఒత్తులు తెగిపోతాయి కూడా. Multiple ఎంచుకుని 1.5తో మొదలుపెట్టండి. నొక్కి పలకాల్సిన మాట కింద గీత గీయకండి, అది ఒత్తుల మీదుగా పోతుంది. బోల్డ్ చాలు.

సమస్య: నొక్కి చదివినా వినేవారికి ఏది ముఖ్యమో తెలియడం లేదు.

బోల్డ్ ఎక్కువైంది. వాక్యానికి ఒక్క చోటే ఉంచండి. పై ఉదాహరణలో 'సోమవారం'తో పాటు 'పది గంటలకు' కూడా బోల్డ్ చేయాలనిపిస్తుంది, కానీ మారింది రోజు, సమయం కాదు. ఏది తీసేయాలో తేలకపోతే, వినేవారు రాసుకుని వెళ్లాల్సిన మాట ఏదో చూడండి.

సమస్య: పేజీ చివరికొచ్చేసరికి గొంతు నలుగుతోంది.

కింది లైన్ల కోసం తల వంగుతోంది, నోరు మైకుకు దూరమవుతోంది. పేజీలో కింది పావు వంతు ఖాళీగా వదలండి. వాక్యాన్ని రెండు పేజీలకు పంచకండి. ఒకవైపే ప్రింటు తీసి, పిన్ను కొట్టకుండా, పేజీ నంబరు పెద్దగా వేసి, చదివిన కాగితాన్ని పక్కకు జరపండి. తిప్పితే ఆ చప్పుడు మైకు పట్టేస్తుంది.