వానల్లో స్లాబు పోసే ముందు: లెక్కలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

స్లాబు పోసే రోజు మధ్యాహ్నం సిమెంటు అయిపోతే, దుకాణం నుంచి బస్తాలు వచ్చేసరికి ముందు పోసిన అంచు గట్టిపడిపోతుంది. ఆ తర్వాత పోసిన కాంక్రీటు దానితో కలవదు. ఆ అతుకు దగ్గరే వాననీరు కారుతుంది. ఇలాంటి కొరతలు చాలావరకు ముందు వేసుకున్న లెక్కలోని తప్పులే. వానాకాలంలో ఆ తప్పులకు తడి ఇసుక కూడా తోడవుతుంది. అందుకే సరుకు తెప్పించే ముందే ఒక స్లాబును మొదటి నుంచి చివరి దాకా లెక్కగట్టి చూద్దాం. గోడల బయటి అంచు నుంచి బయటి అంచుకు పొడవు 10 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, మందం 125 మిల్లీమీటర్లు, సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు 1:1.5:3 అనుకుందాం.

ముందు కొలత సంగతి. స్లాబు గోడల మీద కూర్చుంటుంది కాబట్టి గది లోపలి కొలత పనికిరాదు. ఇదే ఇంటికి గోడ మందం 230 మిల్లీమీటర్లు అయితే లోపలి కొలతలు 9.54, 5.54 మీటర్లు. వాటితో విస్తీర్ణం దాదాపు 53 చదరపు మీటర్లే వస్తుంది, అసలు పోయాల్సింది 60. ఈ ఒక్క పొరపాటుకే ఏడు బస్తాల సిమెంటు తక్కువ పడుతుంది. గోడ దాటి బయటికి వచ్చే అంచులుంటే వాటిని కలపాలి, మెట్ల కోసం వదిలే ఖాళీని తీసేయాలి. బీములుంటే స్లాబు కిందికి దిగిన భాగాన్నే కలపాలి. 300 మిల్లీమీటర్ల బీములో పై 125 స్లాబులోనే ఉంది కాబట్టి మిగిలిన 175 మాత్రమే లెక్కకొస్తుంది. మన ఉదాహరణలో బీములు లేవు.

అడుగుల్లో లెక్కేసేవాళ్లు తరచూ జారిపడే చోటు ఒకటుంది. 5 అంగుళాల మందాన్ని 0.5 అడుగు అని రాసేస్తారు. 5ను 12తో భాగిస్తే 0.417 వస్తుంది. 0.5 అని వేస్తే సరుకంతా 20 శాతం ఎక్కువ తెప్పించినట్టే.

ఇక ఘనపరిమాణం: 10 × 6 × 0.125 = 7.5 ఘనమీటర్లు. ఇది పోసి, వైబ్రేటర్ పెట్టాక నిలిచే కాంక్రీటు. పొడి సరుకు దీనికంటే ఎక్కువ కావాలి. కంకర రాళ్ల మధ్య సందుల్లోకి ఇసుక దిగుతుంది, ఇసుక రేణువుల మధ్యకు సిమెంటు పాలు చేరతాయి, అందుకే కలిపాక మొత్తం తగ్గిపోతుంది. ఈ తగ్గుదలకు పనిలో వాడే అంకె 1.54. కంకర సైజును బట్టి అది కాస్త అటూ ఇటూ మారుతుంది గానీ, ఖర్చు లెక్కకు ఇది చాలు.

7.5 × 1.54 = 11.55 ఘనమీటర్ల పొడి సరుకు. పాళ్ల మొత్తం 1 + 1.5 + 3 = 5.5. ఒక పాలు 2.1 ఘనమీటర్లు. అంటే సిమెంటు 2.1, ఇసుక 3.15, కంకర 6.3 ఘనమీటర్లు. సిమెంటును ఘనమీటరుకు 1440 కిలోలుగా తీసుకుంటే 3024 కిలోలు, 50 కిలోల లెక్కన 61 బస్తాలు. చిరిగే బస్తాలకూ గచ్చు మీద పోయే దానికీ రెండు కలిపి 63 తెప్పించుకోవాలి.

ఖర్చు తగ్గుతుందని 1:2:4 వేద్దామనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు పాళ్ల మొత్తం 7 అవుతుంది, సిమెంటు 48 బస్తాలకు దిగుతుంది. పదమూడు బస్తాలు మిగిలినట్టు కనిపిస్తుంది గానీ ఆ కాంక్రీటు బలం ఒక మెట్టు కిందికి పోతుంది. 1:1.5:3ను స్థూలంగా ఎం20 రకంగా లెక్కిస్తారు, 1:2:4ను ఎం15గా. ఇనుము వేసిన స్లాబుకు ఎం15 చాలదు. డ్రాయింగు మీద ఎం25 అని ఉంటే ఈ పాళ్ల లెక్కే వర్తించదు. దానికి తూకంతో చేసిన మిక్స్ డిజైన్ కావాలి, ఘనమీటరుకు ఎన్ని కిలోలో అందులోనే ఉంటుంది.

ఇప్పుడు వానాకాలపు అసలు చిక్కు, తడి ఇసుక. కొద్దిగా తడిసిన ఇసుకలో ప్రతి రేణువు చుట్టూ నీటి పొర ఏర్పడి రేణువులను ఎడంగా ఉంచుతుంది. దాంతో ఇసుక పొంగుతుంది. మామూలు ఇసుక పావు వంతు దాకా పొంగడం వింతేమీ కాదు, సన్న ఇసుక ఇంకా ఎక్కువ పొంగుతుంది. విచిత్రం ఏమిటంటే నీళ్లలో పూర్తిగా మునిగితే ఆ పొంగు పోయి మళ్లీ పొడి ఇసుక పరిమాణానికే దిగుతుంది. పరీక్ష కూడా దీని మీదే ఆధారపడింది. గీతలున్న గాజు సీసాలో తడి ఇసుకను కుదించకుండా 200 గీత దాకా పోసి, నీళ్లు నింపి, బాగా కలిపి కదలకుండా ఉంచాలి. ఇసుక 160 దగ్గర నిలిస్తే, తగ్గిన 40ని 160తో భాగించాలి. పొంగు 25 శాతం.

ఈ అంకె రెండు చోట్ల డబ్బు మీద పడుతుంది. మొదటిది కొనేటప్పుడు. మనకు కావాల్సిన 3.15 ఘనమీటర్లు తడి కొలతలో 3.94 అవుతాయి, వృథా 5 శాతం కలిపితే సుమారు 4.1. లారీ తొట్టిని కొలిచి డబ్బు కడుతుంటే ఆ తేడా అంతా గాలికి కట్టినట్టే. అందుకే వీలైతే తూకం మీద, అది కుదరకపోతే పొంగు తీసేసి బేరమాడాలి. రెండోది కలిపేటప్పుడు. ఇసుక, కంకర కొలిచే పెట్టె, అంటే ఫర్మా, లోపలి కొలతలు 40 × 35 × 25 సెంటీమీటర్లు ఉంటే అందులో 35 లీటర్లు పడుతుంది, అది ఒక బస్తా సిమెంటుకు సమానం. బస్తాకు ఒకటిన్నర ఫర్మాల ఇసుక, మూడు ఫర్మాల కంకర. కానీ ఇసుక 25 శాతం పొంగి ఉంటే ఒకటిన్నర కాకుండా దాదాపు 1.9 ఫర్మాలు వేయాలి. వేయకపోతే ఒక్కో బస్తాకు వచ్చే కాంక్రీటు తగ్గి, ఈ స్లాబు మీద మూడు బస్తాలు అదనంగా పోతాయి. మేస్త్రిని అడిగితే సిమెంటు ఎక్కడ పోయిందో ఆయనకూ తెలియదు. తట్టలతో కొలిచే చోట ఈ తేడా అసలు పట్టుబడదు.

తడి ఇసుక నీళ్లను కూడా మోసుకొస్తుంది. సిమెంటు బరువులో సగం నీరు అనుకుంటే బస్తాకు 25 లీటర్లు. 3.15 ఘనమీటర్ల ఇసుక సుమారు 5000 కిలోలు, అందులో 5 శాతం తడి ఉంటే 250 లీటర్ల నీరు ముందే చేరిపోయింది. అరవై బస్తాలకు పంచితే బస్తాకు నాలుగు లీటర్ల పైమాట. కాబట్టి మిక్సరులో 21 లీటర్లే పోయాలి. అలవాటుగా 25 పోస్తే కాంక్రీటు పల్చబడి, పైన నీరు తేలి, బలం తగ్గుతుంది. బస్తాకు నీళ్లు కొలిచే బకెట్టు మీద గీత పెట్టుకుంటే ఇది తేలికే.

ఇక ధరలు. ఎవరి ఊరి ధర వారిది కాబట్టి బస్తా సిమెంటును 100 పాయింట్లు అనుకుందాం, ఇసుకనూ కంకరనూ ఘనమీటరుకు 400 చొప్పున. సిమెంటు 63 బస్తాలు 6300. ఇసుక 4.1కి 1640. కంకర వృథాతో 6.6కి 2640. మొత్తం 10,580. ఇందులో దాదాపు 60 శాతం సిమెంటుదే. ఇనుము దీనికి బయట. అది డ్రాయింగులోని కడ్డీల పొడవును బట్టి కిలోల్లో లెక్కించాలి గానీ పాళ్లను బట్టి కాదు. ముందు అంచనాకు ఘనమీటరు కాంక్రీటుకు 80 కిలోలు, అంటే ఇక్కడ 600 కిలోలు అనుకోవచ్చు. సెంట్రింగ్ ఖర్చు విస్తీర్ణం మీద, అంటే 60 చదరపు మీటర్ల మీద నడుస్తుంది.

ఈ లెక్కతో ఒక సంగతి తేలుతుంది. ఇసుక ధరలో పది శాతం బేరమాడితే మిగిలేది 164. స్లాబు 125కి బదులు 140 మిల్లీమీటర్లు పడితే సరుకు 12 శాతం పెరిగి, పోయేది 1270, అంటే ఏడెనిమిది రెట్లు. పైగా ఆ అదనపు మందం స్లాబు మీద బరువుగా కూడా కూర్చుంటుంది. మందం పెరగడానికి కారణం ఎక్కువగా సెంట్రింగే. తడిసిన నేల మీద సెంట్రింగ్‌ను మోసే గుంజల కింద పలక లేకపోతే అవి దిగుతాయి, షీట్లు మధ్యలో కుంగుతాయి, పై లెవెల్ మాత్రం సమంగా చేస్తారు. ఆ గుంట నిండేది మన సిమెంటుతోనే. అందుకే పోసే ముందు రోజు నాలుగు మూలలా, మధ్యలో రెండు చోట్లా దారం కట్టి షీటు దాకా లోతు కొలవాలి. ప్రతి రెండు మీటర్లకు మందానికి గుర్తుగా 125 మిల్లీమీటర్ల ఎత్తు సిమెంటు డాట్లు పెట్టించాలి. వాన పడి నేల నానితే అదే కొలత మర్నాడు ఉదయం మళ్లీ తీయాలి.

బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఒక అడుగు దూరంగా, పది వరుసలకు మించకుండా పేర్చాలి. వేళ్లతో నలిపితే పొడి కాని గడ్డలున్న బస్తాను లెక్కలో నుంచి తీసేయాలి. మూడు నెలలు దాటిన సిమెంటును చవకగా ఇస్తామన్నా స్లాబుకు వద్దు.

పోసే రోజు ఖాళీ బస్తాలను పారేయకుండా ఒకచోట పేర్పించండి. సగం విస్తీర్ణం, అంటే 30 చదరపు మీటర్లు పూర్తయ్యేసరికి ఖాళీ బస్తాలు 30, 31 ఉండాలి. 34 ఉంటే మందమో ఇసుకో తప్పుతోందన్నమాట. వెంటనే తడి కాంక్రీటులో కడ్డీ గుచ్చి లోతు చూడాలి, ఫర్మాలు లెక్కపెట్టాలి, అరడజను బస్తాలకు అప్పుడే ఫోన్ చేయాలి. భారీ వాన వచ్చి ఆపక తప్పకపోతే ఎక్కడ పడితే అక్కడ వాలుగా వదిలేయకూడదు. రెండు ఆధారాల మధ్య దూరంలో నడి మూడో వంతులో, నిటారుగా చెక్క నిలిపి అక్కడ ఆపాలి. మళ్లీ మొదలుపెట్టే ముందు ఆ అంచును గరుకు చేసి, కడిగి, సిమెంటు పాలు పూసి పోయాలి.