ఆరేళ్ళ పిల్లాడికి కుక్కపిల్ల చనిపోయిందని ఎలా చెప్పాలి?

పోయిన వానాకాలం ఒడిశాలోని పర్లాకిమిడిలో మా టామీ పార్వో జబ్బుతో పోయింది. మూడు నెలల పిల్ల. నాలుగు రోజులు వాంతులు, రక్త విరేచనాలు, సెలైన్లు. ఐదో రోజు తెల్లారేసరికి ప్రాణం లేదు. మావాడికి ఆరేళ్ళు.

1. ఆ రోజే, మీ నోటితోనే చెప్పండి. "ఎవరో తీసుకెళ్ళారని చెప్పు" అన్నారు మా అత్తగారు. అలా చెబితే వాడు వీధులన్నీ వెతుకుతాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇంతే చెప్పాను: "టామీ చనిపోయింది నాన్నా. దానికి పెద్ద జబ్బు చేసింది. డాక్టరుగారు మందులిచ్చినా తగ్గలేదు. గుండె ఆగిపోయింది. ఇంక లేవదు." వాడు కాసేపు ఏడ్చి బొమ్మల దగ్గరికి పోయాడు. ఈ వయసులో దుఃఖం అలాగే వచ్చి పోతుంటుంది, బాధ లేదనుకోకండి.

2. 'నిద్రపోయింది' అనకండి. మేం జాగ్రత్తపడ్డా పక్కింటి మావుసి "శొయిచి" అనేసింది, ఒడియాలో నిద్రపోతోందని. ఆ రాత్రి మావాడు పడుకోనని పేచీ. వాడి చెయ్యి వాడి పొట్ట మీదే పెట్టించాను. "చూడు, పైకీ కిందికీ కదులుతోందా? నిద్రలో కూడా ఇలాగే కదులుతుంది. టామీ పొట్ట కదలడం ఆగిపోయింది." పొట్ట మీద చెయ్యి అలాగే ఉంచుకుని పడుకున్నాడు. తర్వాత మావుసికీ, బళ్ళో టీచరుకీ మేం వాడిన మాటే వాడమని చెప్పాను. ఇంట్లో "పనితో చస్తున్నా" అనే నా అలవాటునీ కొన్నాళ్ళు కట్టిపెట్టాను.

3. తప్పు తనదనుకుంటున్నాడేమో కనిపెట్టండి. మూడో రోజు మెల్లగా అడిగాడు: "నేను బిస్కెట్ పెట్టాను కదా, అందుకేనా?" ఈ ఈడు పిల్లలకు తాము చేసినదానివల్లో, కోపంలో అనుకున్నదానివల్లో చావు వచ్చిందనిపిస్తుంది. పైకి అనకపోతే మీరే అడగండి. "బిస్కెట్ వల్ల కాదు. పార్వో అనే పురుగు, కంటికి కనపడదు. టీకాలు ఇంకా పూర్తి కాలేదు. అది పెద్దవాళ్ళం చూసుకోవాల్సిన పని" అన్నాను. ఆ చివరి మాట అనడం నాకు కష్టమైంది, కానీ నిజం అదే.

4. పాతిపెట్టేటప్పుడు వస్తానంటే రానివ్వండి, బలవంతం వద్దు. బావికి దూరంగా మూడడుగుల లోతు గొయ్యి తీశాం. వాడు మందార పువ్వు వేశాడు. పార్వో మనుషులకు అంటదు, అయినా చేతులు సబ్బుతో కడిగించాం. పిచ్చికుక్క జబ్బు అనుమానముంటే మాత్రం పిల్లల్ని దగ్గరికే రానివ్వకండి.

5. వెంటనే ఇంకో కుక్కపిల్లని తేకండి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలన్నీ పూర్తయిన కుక్కనే తేవాలి. వాడికీ అదే కారణం చెప్పాను.

అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. మొన్న అన్నం తింటూ, "టామీకి ఆకలేస్తుందా?"

"వెయ్యదు."

"చలి?"

"వెయ్యదు."

"అయితే ఇంకొంచెం పప్పు వెయ్యి."