ప్రెస్‌నోట్ పంపాం, పత్రికలో రాలేదు: లోపం ఎక్కడుందో పట్టుకోవడం

ప్రజాసంబంధాల విభాగంలో ఇంటర్న్‌గా చేరినవారికి మొదట అప్పగించే పనులు రెండు: ప్రెస్‌నోట్ రాయడం, విలేకరుల జాబితా తయారుచేయడం. నోటు అచ్చుకాకపోతే చాలామంది వెంటనే దాన్ని తిరగరాయడానికి కూర్చుంటారు. నా అనుభవంలో లోపం నోటులో కంటే జాబితాలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఒకే ఉదాహరణను పట్టుకుని ముందుకు వెళ్దాం. నెల్లూరులోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రి మార్చి 15, ఆదివారం నాడు కందుకూరులో ఉచిత కంటి పరీక్షల శిబిరం పెడుతోందని అనుకుందాం. శుక్రవారం నోటు పంపారు, కానీ శనివారం ఏ పత్రికలోనూ వార్త రాలేదు. శిబిరానికి ఇంకా ఒక్క రోజే గడువుంది.

మొదట చేయవలసింది ఫోన్. శనివారం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో కందుకూరు విలేకరులలో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేయండి. సాయంత్రం వారు వార్తలు రాసి పంపే హడావుడిలో ఉంటారు కాబట్టి అప్పుడు చేయవద్దు. “మా వార్త ఎందుకు వేయలేదండీ” అని అడిగితే సంభాషణ అక్కడే ముగుస్తుంది. “నమస్కారం సార్, నిన్న కంటి శిబిరం నోటు పంపాం, మీకు అందిందో లేదో తెలుసుకుందామని చేశాను” అని అడిగితే జవాబు వస్తుంది. ఆ జవాబు సాధారణంగా మూడింటిలో ఒకటిగా ఉంటుంది, ఒక్కొక్కటి ఒక్కో కారణాన్ని చూపిస్తుంది.

“నాకేమీ రాలేదండీ” అంటే

లోపం జాబితాలో ఉంది. పత్రిక వెబ్‌సైటులో కనిపించిన ప్రధాన కార్యాలయం మెయిల్‌కు నోటు పంపి, పత్రికకు పంపినట్టే అనుకోవడం కొత్తవారిలో తరచుగా జరుగుతుంది. తెలుగు దినపత్రికలలో జిల్లా వార్త పైనుంచి కిందికి రాదు, కిందినుంచి పైకి వెళ్తుంది. మండల విలేకరి వార్త రాసి పంపుతారు, జిల్లా కేంద్రంలోని స్టాఫ్ రిపోర్టర్లు, బ్యూరో ఇన్‌ఛార్జి పెద్ద వార్తలు చూసుకుంటారు, డెస్కులోని ఉపసంపాదకులు దిద్ది జిల్లా పేజీలలో అమరుస్తారు. శిబిరం కందుకూరులో జరుగుతుంటే ఆ వార్త కందుకూరు విలేకరి చేతిమీదుగా వెళ్లాలి. నెల్లూరు బ్యూరోకు మాత్రమే పంపితే, “అది మా పరిధి కాదు, అక్కడి విలేకరి చూసుకుంటారు” అని ఆగిపోయే అవకాశం ఉంది.

ఈ ప్రాంతంలో దీనికి మరొక చిక్కు తోడవుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. చీరాల, అద్దంకి, పర్చూరు బాపట్ల జిల్లాలో చేరాయి. హద్దుల విషయంలో మార్పులు అక్కడితో ఆగలేదు. 2022కు ముందు తయారైన జాబితాలో కందుకూరు విలేకరులు ఒంగోలు పేరు కిందా, గూడూరు విలేకరులు నెల్లూరు పేరు కిందా ఉంటారు. పైగా పాలనాపరమైన హద్దు మారిన రోజే పత్రిక పేజీల హద్దు కూడా మారాలని నియమమేమీ లేదు. కాబట్టి జిల్లా పటం చూసి జాబితా రాయవద్దు. ఆ ఊరి వార్తలు ప్రస్తుతం ఏ జిల్లా పేజీలలో వస్తున్నాయో పత్రిక చూసి రాయండి.

దీనికి వారం రోజుల పత్రికలు చాలు. మీకు కావలసిన ప్రతి పత్రిక జిల్లా పేజీలు తెచ్చుకుని, వార్త మొదట్లో ఉండే ఊరి పేరును గుర్తిస్తూ వెళ్లండి. “కందుకూరు, న్యూస్‌టుడే” అని ఉంటే అది ఈనాడు విలేకరి పంపిన వార్త. మిగతా పత్రికలకూ తమ తమ పద్ధతులున్నాయి. ఆరోగ్యం, వ్యవసాయం, విద్య వార్తలు ఏ ఊళ్లనుంచి, ఎంత నిడివిలో వస్తున్నాయో అప్పుడు తెలిసిపోతుంది. పేర్లు, నంబర్ల కోసం ఆ ఊరి విలేకరులనే అడగడం మంచిది, ఒకరు దొరికితే మిగతావారి వివరాలు వారే చెబుతారు. ప్రభుత్వం విలేకరులకు ఇచ్చే గుర్తింపు, అంటే అక్రిడిటేషన్ వ్యవహారాలు చూసే జిల్లా సమాచార, పౌరసంబంధాల శాఖ కార్యాలయంలోనూ విచారించవచ్చు. అయితే మండల స్థాయిలో పనిచేసే వారందరికీ అక్రిడిటేషన్ ఉండదు కాబట్టి ఆ పట్టిక ఒక్కటే చాలదు.

ప్రతి వరుసలో పేరు, పత్రిక లేదా చానల్, బాధ్యత, చూసే మండలాలు, ఫోన్, మెయిల్, నోటు ఏ రూపంలో కావాలంటారు, చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. చివరి గడిని చాలామంది వదిలేస్తారు. విలేకరులు పత్రికలు మారుతుంటారు కాబట్టి తేదీ లేని నంబరు మీద నమ్మకం పెట్టుకోలేము.

జాబితాలో పేరు సరిగ్గానే ఉండి, అయినా నోటు అందలేదంటే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టును అనుమానించండి. మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే బ్రాడ్‌కాస్ట్ సందేశం చేరుతుంది. చేరనివారి విషయంలో మీకు ఏ హెచ్చరికా రాదు, పంపేశాం అనుకుని నిశ్చింతగా ఉంటారు. నిన్న మొన్న చేరిన ఇంటర్న్ సొంత నంబరు ఎవరి ఫోన్‌లోనూ ఉండదు. విలేకరులకు ఇప్పటికే తెలిసిన ఆఫీసు నంబరు నుంచి పంపడం, లేదా మొదటిసారి ఒక్కొక్కరికీ విడిగా పంపి నంబరు సేవ్ చేసుకోమని కోరడం దీనికి మార్గం. అనుమతి అడగకుండా అందరినీ ఒక గ్రూపులో చేర్చవద్దు. మెయిల్ పంపేటప్పుడు చిరునామాలన్నీ Bcc గడిలో పెట్టండి, ఒకరి వివరాలు మరొకరికి తెలియవలసిన అవసరం లేదు.

ఎక్సెల్ వల్ల కూడా నంబర్లు పాడవుతాయి. నెల్లూరు ఎస్‌టీడీ కోడ్ 0861, ఒంగోలుది 08592. వీటిని మామూలు గడిలో టైపు చేస్తే ముందున్న సున్నా పోతుంది. ముందు 91 చేర్చిన పన్నెండంకెల మొబైల్ నంబరు `9.19E+11` లాగా కనిపించవచ్చు. ఆ స్థితిలో ఫైలును CSVగా భద్రపరచి మళ్లీ తెరిస్తే అసలు అంకెలు తిరిగి రావు. నంబర్లు ఎక్కించకముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని Text రకానికి మార్చి, అసలు ఫైలును ఎప్పుడూ xlsx రూపంలోనే దాచుకోండి.

“వచ్చింది గానీ అక్షరాలు కనబడలేదు” అంటే

కారణం ఫాంటు. ఊళ్లలోని డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లతో టైపు చేస్తారు. ఆ ఫైలును అదే ఫాంటు లేని ఫోన్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. దీనికి భయపడి కొందరు నోటును ప్రింటు తీసి ఫోటోగానో పీడీఎఫ్‌గానో పంపుతారు. అప్పుడు చదవడానికి వీలుంటుంది, కానీ విలేకరి మొత్తం మళ్లీ టైపు చేయాలి. పని ఎక్కువున్న రోజున అలాంటి నోటు పక్కకు పోతుంది. టైపు చేసినా తేదీలో, పేరులో తప్పు దొర్లవచ్చు.

నోటును యూనికోడ్‌లో టైపు చేసి, మెయిల్‌లోనైనా వాట్సాప్‌లోనైనా నేరుగా సందేశంలోనే ఉంచండి. లెటర్‌హెడ్ మీద సంతకంతో ఉన్న పీడీఎఫ్‌ను దానికి తోడుగా పంపండి, అది నోటు నిజంగా ఆసుపత్రిదేనని రుజువుగా పనికొస్తుంది. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, కనుక డాక్యుమెంటుగా పంపాలి. ఫోటోలో ఎడమనుంచి వరుసగా ఎవరెవరున్నారో ఒక వాక్యంలో రాయడం తప్పనిసరి. పేర్లు లేని ఫోటోను వేయడానికి ఏ డెస్కూ ఇష్టపడదు.

“నేను పంపాను, డెస్కులో ఆగింది” అంటే

ఇప్పుడే నోటును చూడాలి. ఆసుపత్రి తరఫున వెళ్లిన నోటు ఇలా మొదలైందనుకోండి: “నేత్ర వైద్య రంగంలో అగ్రగామిగా వెలుగొందుతున్న మా ఆసుపత్రి, అత్యాధునిక పరికరాలతో, అనుభవజ్ఞులైన వైద్యులతో, ప్రజాసేవే పరమావధిగా ఉచిత మెగా శిబిరం నిర్వహించ తలపెట్టిందని చైర్మన్ తెలిపారు.” దీన్ని చదివిన ఉపసంపాదకుడికి ఇది వార్తగా కాక వ్యాపార ప్రకటనగా కనిపిస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అన్న ప్రశ్నలలో ఒక్కదానికీ ఇందులో జవాబు లేదు. కందుకూరు పాఠకుడికి పనికొచ్చే మాట ఒక్కటే, ఉచితం అన్నది, అదీ విశేషణాల మధ్యలో చిక్కుకుపోయింది.

అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: “కందుకూరు: పట్టణంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాల ఆవరణలో ఈ నెల 15న, ఆదివారం ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు ఉచిత కంటి పరీక్షలు నిర్వహిస్తారు. శుక్లం శస్త్రచికిత్స అవసరమైనవారిని అదే రోజు నెల్లూరుకు తీసుకెళ్లి ఉచితంగా చికిత్స చేస్తారు. ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు తెచ్చుకోవాలి.” ఆ తర్వాత నిర్వాహకుల పేరు, వైద్యుడి మాట ఒకటి, సంప్రదించవలసిన నంబరు. ఇదంతా సుమారు నూట ఇరవై మాటలు దాటనక్కరలేదు. వైద్యుడి మాట కూడా “సద్వినియోగం చేసుకోండి” అన్న పిలుపుగా ఉండకూడదు. మధుమేహం ఉన్నవారికి చూపు బాగానే ఉన్నా కంటి వెనుక పొర దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి పరీక్ష చేయించుకోవాలన్నది పాఠకుడికి ఉపయోగపడే మాట. అయితే వైద్యుడు నిజంగా చెప్పి, అచ్చుకు అంగీకరించిన తర్వాతే దాన్ని ఆయన పేరుతో పెట్టాలి.

శస్త్రచికిత్స ఉచితమా, పరీక్ష మాత్రమే ఉచితమా అన్నది నోటులో స్పష్టంగా లేకపోతే విలేకరి ఏదో ఒకటి ఊహించి రాస్తారు. మరునాడు శిబిరం దగ్గర ముసలివాళ్లతో గొడవ పడవలసింది ఆసుపత్రి సిబ్బంది. ఇలాంటి సందిగ్ధాన్ని పంపేముందే ఆసుపత్రివారిని అడిగి తీర్చుకోవడం ఇంటర్న్ బాధ్యత అని గట్టిగా చెబుతాను.

నోటు బాగానే ఉన్నా ఆగిందంటే సమయం చూడండి. జిల్లా పేజీలు సాయంత్రానికే చాలావరకు నిండిపోతాయి. శుక్రవారం రాత్రి ఎనిమిదికి అందిన ముందస్తు సమాచారానికి శనివారం చోటు దొరకడం కష్టం. బుధవారమో గురువారమో మధ్యాహ్నంలోపు పంపితే ఒక రోజు తప్పినా మరో రోజు మిగిలి ఉంటుంది.

వార్త వచ్చింది, కానీ ఫోన్ నంబరు లేదు, తేదీ తప్పు

చోటు చాలనప్పుడు డెస్కు వార్తను సాధారణంగా కిందినుంచి కోస్తుంది. నంబరు చివరి వాక్యంలో ఉంటే ముందు పోయేది అదే. ప్రజలు ఫోన్ చేయవలసిన వార్తలో నంబరును రెండో పేరాలోకి తెచ్చి, నిర్వాహకుల పేర్లను కిందికి దించండి. పేర్లు కిందికి వెళ్లాయని పైవారికి కొంత నొప్పి ఉంటుంది, దాన్ని ముందే వివరించి ఒప్పించుకోవాలి. తేదీ తప్పుకు కారణం తరచుగా “వచ్చే ఆదివారం”, “రేపు” వంటి మాటలు. తేదీ, వారం రెండూ కలిపి రాస్తే ఒకదానిలో పొరపాటు దొర్లినా రెండోది చూసి డెస్కు పట్టుకోగలుగుతుంది.

తప్పు మన నోటులోనే ఉందని పంపిన తర్వాత తెలిస్తే, మొత్తం నోటును మార్చి మళ్లీ పంపవద్దు. రెండింటిలో ఏది సరైనదో తెలియక పాతదే అచ్చవుతుంది. “సవరణ: కంటి శిబిరం వేదిక జూనియర్ కళాశాల కాదు, జడ్పీ ఉన్నత పాఠశాల, మిగతా వివరాలలో మార్పు లేదు” అని ఒక్క వాక్యం పంపి, మొదటి నోటు అందినవారందరికీ సాయంత్రంలోపే ఫోన్ చేసి చెప్పండి. ఎవరికి చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో జాబితాలో వారి పేరు పక్కనే రాసుకోండి.